చూసిందేమిటి, తేలిందేమిటి, పాఠంలో ఎక్కడుంది?



బడి పిల్లల్ని కోటకో గుడికో తీసుకెళ్లేటప్పుడు వాళ్ల చేతికి ఒక ప్రశ్నల కాగితం ఇస్తుంటాం. వర్క్‌షీట్ అంటాం దాన్ని. ఆ కాగితం మీద ఎక్కువగా కనిపించే ప్రశ్నలు మీకూ తెలుసు. ఈ కోటను ఎవరు కట్టించారు? ఏ శతాబ్దంలో కట్టించారు? ఇక్కడి ముఖ్యమైన కట్టడాల పేర్లు రాయండి. పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే పురావస్తు శాఖ వారి బోర్డు ముందు గుమిగూడతారు. ఒకరు చదువుతారు, మిగిలినవాళ్లు రాసుకుంటారు. పావుగంటలో కాగితం నిండిపోతుంది. అక్కడ నుంచి కోట అంతా వాళ్లకు ఫోటోలు దిగే చోటు మాత్రమే.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఆ ప్రశ్నలకు జవాబు బోర్డు మీదే ఉంది, పాఠ్యపుస్తకంలోనూ ఉంది. కోటను చూడాల్సిన అవసరం ఆ ప్రశ్న కల్పించలేదు. అందుకే వర్క్‌షీట్‌లో ఒక ప్రశ్న పెట్టేముందు దాన్ని ఇలా పరీక్షించుకోవాలి: ఆ రోజు జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయిన పిల్లవాడు ఈ ప్రశ్నకు జవాబు రాయగలడా? రాయగలిగితే ఆ ప్రశ్న తరగతి గదిలో అడగవలసిందే తప్ప కోటలో అడగవలసింది కాదు.

మరి కోటలో అడగవలసిన ప్రశ్న ఎలా ఉండాలి? ఈ సంగతిని గాలిలో చెప్పకుండా ఒక చోటికి వెళ్లి చూద్దాం. ఓరుగల్లు కోట తీసుకుందాం. తెలంగాణలో ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో కాకతీయుల పాఠం చదివే పిల్లలకు అక్కడ ఒక వర్క్‌షీట్ తయారు చేయాలనుకుందాం.

ముందు కాగితం ఎలా ఉండాలో చెబుతాను. ప్రతి ప్రశ్నకూ మూడు గడులు ఉంటాయి. మొదటి గడి పైన 'ఏం చూశావు?' అని ఉంటుంది. అక్కడ కంటికి కనబడిందే రాయాలి, బొమ్మ గీయాలి, లేదా కొలత వేయాలి. రెండో గడి పైన 'దాన్నిబట్టి ఏమనుకుంటున్నావు? ఎందుకు?' అని ఉంటుంది. మొదటి గడిలో రాసినదాన్ని ఆధారంగా చూపించకుండా ఇక్కడ ఒక్క మాట కూడా రాయకూడదు. మూడో గడి 'పాఠంలో ఇది దేనికి కలుస్తుంది?' అని. మొదటి రెండు గడులూ కోటలోనే నిండాలి. మూడోది మాత్రం మర్నాడు తరగతిలో, పుస్తకం తెరిచి నింపాలి. కోటలో పుస్తకం తెరిస్తే పిల్లల చూపు గోడ మీద నుంచి పేజీ మీదకు జారిపోతుంది.

చూసినదాన్నీ అనుకున్నదాన్నీ వేరు వేరు గడుల్లో రాయించడం చాదస్తం కాదు. పెద్దవాళ్లం కూడా ఈ రెండింటినీ కలిపేస్తాం. 'శత్రువుల నుంచి కాపాడుకోవడానికి కట్టిన ఎత్తయిన గోడ' అని ఒక పిల్ల రాసిందనుకోండి. అందులో ఎత్తు ఆమె చూసింది. శత్రువుల సంగతి ఆమె చూడలేదు, అనుకుంది. ఆ రెండూ విడిగా రాస్తేనే 'గోడ ఎత్తుగా ఉంటే కాపాడుకోవడానికే అని ఎలా చెప్పగలవు? ఇంకేం చూశావు?' అని అడగడానికి మనకు వీలు దొరుకుతుంది.

ఇక కోటకు వెళదాం. ఓరుగల్లు కోట ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న ప్రాకారాల కోట. లోపల గ్రానైటు రాళ్లతో కట్టిన గుండ్రని రాతికోట, దాని వెలుపల కందకం, ఇంకా వెలుపల మట్టికోట. రాతికోట అడ్డకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. అంటే గోడ చుట్టూ నడిస్తే దగ్గర దగ్గర నాలుగు కిలోమీటర్లు. లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, రోడ్డుంది. ఇంత పెద్ద చోటును ఒక్క పూటలో చూపించాలనుకుంటే పిల్లలు దేన్నీ చూడరు. కాబట్టి మూడు చోట్లు చాలు: ఒక ద్వారం, నడిమధ్య ఉన్న తోరణాలు, వాటికి దగ్గరలో ఉన్న ఖుష్ మహల్. ఒక్కో చోట ఒకటి రెండు ప్రశ్నలు.

మొదటిది ద్వారం. మామూలు వర్క్‌షీట్ 'కోటకు ఎన్ని ద్వారాలు ఉన్నాయి?' అని అడుగుతుంది. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని బోర్డే చెబుతుంది. దానికి బదులు పిల్లలను ఆ ద్వారంలో నడిపించండి. ప్రశ్న ఇలా ఉంటుంది: 'ద్వారం బయట నిలబడు. నీ ముఖం ఏ దిక్కుకు ఉందో దిక్సూచితో చూసి రాయి. లోపలికి నడువు. దారి మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి దిక్కు మళ్లీ రాయి. నీ దారిని గీతగా గీయి.' ఇదంతా మొదటి గడి. పిల్లలు గీసే గీత నేరుగా రాదు. మెలిక తిరుగుతుంది. ద్వారంలోకి వచ్చిన దారి గోడకు ఎదురు తగిలి పక్కకు తిరిగి అప్పుడు లోపలికి పోతుంది.

రెండో గడిలో ప్రశ్న: 'బండి తోలుకొచ్చే వ్యాపారికి ఈ మలుపు సౌకర్యమా, ఇబ్బందా? తెలిసి తెలిసి ఇబ్బంది ఎందుకు పెట్టుకున్నారు?' ఇక్కడ పిల్లలు ఆలోచిస్తారు. నేరుగా ఉంటే ఏనుగు పరుగున వచ్చి తలుపును గుద్దగలదు. మలుపు ఉంటే దానికి వేగం అందదు. వచ్చినవాళ్లు మలుపు దగ్గర నెమ్మదిస్తారు, అప్పుడు పైన గోడ మీద ఉన్నవాళ్లకు దొరికిపోతారు. ఇది ఎవరూ చెప్పకుండా వాళ్లు తేల్చుకోగలిగిన విషయం. ఎందుకంటే ఆ మలుపులో వాళ్లే నడిచారు, వాళ్లే నెమ్మదించారు.

అదే ద్వారం దగ్గర రెండో చిన్న ప్రశ్న ఉంది. 'గోడలోని రాళ్లలో చెక్కడం ఉన్న రాయి ఒకటి వెతుకు. దాని మీది బొమ్మ లేదా లత పూర్తిగా ఉందా, మధ్యలో తెగిపోయిందా? పక్క రాయితో కలుస్తుందా?' ఈ ద్వారాల వెలుపలి భాగాల్లో పాత గుళ్ల రాళ్లు తిరిగి వాడారు. పక్క రాయి మీద లత కొనసాగకపోతే ఆ రాయి మొదట ఈ గోడ కోసం చెక్కింది కాదని పిల్లలకు తెలుస్తుంది. అంటే గోడలోని ఈ భాగం ఆ గుడి కంటే తర్వాతిది. తేదీ ఎక్కడా రాసి లేకపోయినా ఏది ముందు ఏది వెనక అన్నది రాయి చెప్పింది. చరిత్రకారులు రోజూ చేసే పని ఇదే.

ఇక్కడ ఒక హద్దు కూడా పిల్లలకు చూపించాలి. ఆ రాయి గుడిదని చెప్పగలం. ఆ గుడిని ఎవరు కూల్చారో, అసలు కూల్చారో లేక పాతబడి కూలిపోయిందో ఆ ఒక్క రాయి చెప్పదు. అందుకే ఈ ప్రశ్న చివర ఇంకో వాక్యం పెట్టాలి: 'ఈ రాయిని చూసి చెప్పలేనిది ఏమిటి?' పిల్లలు బాగా తడబడే ప్రశ్న ఇది. బాగా నేర్చుకునేది కూడా ఇక్కడే.

ఇక కోట నడిమధ్యకు వద్దాం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదే కాబట్టి పిల్లలకు ముందే తెలిసిన బొమ్మ. ఒక్కోటి సుమారు పది మీటర్ల ఎత్తు. రెండు పక్కలా జంట స్తంభాలు, వాటి మీద ఏటవాలుగా నిలిచిన ఆధారాలు, పైన భారీ రాతి దూలం. నాలుగు తోరణాల మధ్యా ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. ఇప్పుడు అక్కడ విరిగిన స్తంభాలు, చెక్కిన దూలాలు, శిల్పాల ముక్కలు పరుచుకుని ఉన్నాయి.

ఇక్కడ మొదట కొలిపించాలి. దానికి టేపు అక్కర్లేదు, పిల్లల అడుగులు చాలు. కోటకు బయలుదేరే ముందు బడి మైదానంలో 20 మీటర్ల గీత గీసి, దాన్ని ఎన్ని అడుగుల్లో దాటుతున్నారో లెక్కపెట్టించండి. ఒక అమ్మాయి 32 అడుగుల్లో దాటిందనుకోండి. ఆమె ఒక అడుగు 62.5 సెంటీమీటర్లు. కోటలో ఆమె ఉత్తర తోరణం నుంచి దక్షిణ తోరణం దాకా నడిచి 234 అడుగులు లెక్కపెడితే, అది సుమారు 146 మీటర్లు. తూర్పు తోరణం నుంచి పడమటి తోరణానికి 211 అడుగులు వస్తే సుమారు 132 మీటర్లు. అసలు కొలతలు కూడా దాదాపు ఇంతే ఉంటాయి. మధ్యలో శిథిలాలు అడ్డం వస్తాయి కాబట్టి రాళ్ల మీదుగా ఎక్కకుండా పక్కనున్న బాటలో సమాంతరంగా నడిపించాలి.

ఇప్పుడు వచ్చే ప్రశ్న చూడండి: 'రెండు దూరాలూ సమానమా? కాకపోతే ఆ తేడా నిజమైనదా, నీ నడకలో వచ్చిన పొరపాటా? ఎలా తెలుసుకుంటావు?' జవాబు వాళ్లకే తట్టాలి. ఒకే దూరాన్ని నలుగురు నడిచి, వచ్చిన లెక్కల సగటు తీయాలి. నలుగురి లెక్కల మధ్య నాలుగైదు మీటర్ల తేడా ఉంటే, రెండు దూరాల మధ్య ఉన్న 14 మీటర్ల తేడా నడకలో వచ్చింది కాదు. ఆ చోటే నలుచదరం కాదన్నమాట. గణితంలో చదివిన సగటు ఇక్కడ అవసరమై వచ్చింది. అవసరమై వచ్చిన లెక్కను పిల్లలు మరిచిపోరు. ఇంత పెద్ద ఆవరణ ఒక్క గుడికి కేటాయించి, దాన్ని గుండ్రని కోటకు నడిమధ్యన పెట్టారంటే రాజుకూ ఆ దేవుడికీ ఉన్న సంబంధం ఎలాంటిది? ఈ ప్రశ్న మూడో గడిలోకి, పాఠంలోకి తీసుకెళ్తుంది.

తోరణాల దగ్గర రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. 'తోరణం మీద చెక్కిన వాటి జాబితా రాయి.' పిల్లలు రాస్తారు: తామర మొగ్గలు, వేలాడే దండలు, హంసలు, మకరాల వంటి జంతువులు, ఆకులు. తర్వాతి వాక్యం: 'ఇప్పుడు నేల మీద పడి ఉన్న గుడి ముక్కల మీద ఉన్నవి రాయి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టు. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనిది ఏమిటి?' గుడి ముక్కల్లో దేవతా మూర్తులున్నాయి, నందులున్నాయి. తోరణాల మీద దేవుడి బొమ్మ లేదు.

ఉన్నదాన్ని చూడటం సులువు. లేనిదాన్ని చూడటం నేర్పాలి. రెండు జాబితాలు పక్కపక్కన ఉంటేనే లేనిది బయటపడుతుంది. ఒక్క తోరణాన్నే చూపించి 'దీని మీద ఏం లేదు?' అని అడిగితే పిల్లలు మన ముఖం చూస్తారు. అందుకే ఈ ప్రశ్నను పోలికగానే అడగాలి.

ఇక రెండో గడి: 'గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. నీ రెండు జాబితాలను బట్టి, ఎందుకై ఉండవచ్చు? కనీసం రెండు కారణాలు రాయి.' 1323లో ఢిల్లీ సుల్తాను సేన ఓరుగల్లును పట్టుకుంది. అప్పటి సేనాని ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. తోరణాల మీద దేవతల బొమ్మలు లేవు కాబట్టి వాటి జోలికి పోలేదన్నది ఒక కారణం. చరిత్రకారులు ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆ ఆవరణలోనే తుగ్లక్ కాలంలో మొదలుపెట్టిన మసీదు ఆనవాళ్లున్నాయని, పాత రాజధాని వైభవాన్ని తమదిగా చూపించుకోవడానికి కొత్త పాలకులు తోరణాలను కావాలనే నిలబెట్టుకున్నారని వాళ్ల వాదన. పిల్లలకు ఈ వాదన ముందే చెప్పకూడదు. వాళ్లు రెండు కారణాలు రాశాక, మర్నాడు తరగతిలో చెప్పాలి. అప్పుడు తమ ఊహ పక్కన పండితుల ఊహను పెట్టి చూసుకుంటారు. 'తోరణాలు గట్టిగా కట్టారు కాబట్టి పడలేదు' అని ఎవరైనా రాస్తే కొట్టివేయకండి. 'అలాగైతే గుడి స్తంభాలు తోరణం స్తంభాల కంటే సన్నగా ఉన్నాయా? కొలిచావా?' అని అడగండి. తప్పో ఒప్పో తేల్చేది మనం కాదు, అక్కడున్న రాయి.

'కనీసం రెండు కారణాలు' అన్న మాట ఊరికే పెట్టలేదు. ఒక్కటే అడిగితే పిల్లవాడు ఎవరి దగ్గరో విన్నది రాస్తాడు. రెండు అడిగితే రెండోదానికి తానే వెతుక్కోవాలి. మతం, దాడి, కూల్చివేత వంటి విషయాలు వచ్చినప్పుడు ఇది మరీ అవసరం. ఇంట్లో విన్న కోపాలు ఆ గడిలోకి రాకుండా ఆపేది మన ఉపన్యాసం కాదు, ఆధారం చూపించాలన్న నియమమే.

మూడో చోటు ఖుష్ మహల్. తోరణాలకు దగ్గరలోనే ఉంటుంది. లోపలికి వెళ్లగానే తలెత్తి చూడమనండి. తోరణంలో నిలువు స్తంభాలు, అడ్డ దూలం. ఇక్కడ రాతి అడ్డ దూలం లేదు. కప్పును మోయడానికి కట్టిన పెద్ద పెద్ద కమానులు హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వంగి ఉన్నాయి. వర్క్‌షీట్‌లో ప్రశ్న ఇది: 'తోరణాన్నీ ఈ హాలునూ పక్కపక్కన గీయి. పైన బరువు ఎక్కడుంది? అది నేలకు ఏ దారిన దిగుతోంది? బాణం గుర్తులతో చూపించు.'

ఈ ప్రశ్న పని చేయాలంటే బడిలోనే రెండు చిన్న ప్రయోగాలు చేయించాలి. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు పక్క మీద నిలువుగా దగ్గర దగ్గర గీతలు గీసి, రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి నడుమ వేలితో నొక్కమనండి. పైన గీతలు దగ్గరకు వస్తాయి, కింద గీతలు ఎడంగా జరుగుతాయి. దూలం కింది భాగం సాగుతోందన్నమాట. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని సాగుడును తట్టుకోలేదు, పగిలిపోతుంది. అందుకే రాతి దూలం పెట్టాలంటే స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండాలి. రెండో ప్రయోగానికి ఇద్దరు పిల్లలు చాలు. ఎదురెదురుగా నిలబడి అరచేతులు కలిపి ఒకరి మీద ఒకరు వాలాలి. బరువు పంచుకుని నిలబడతారు, కానీ పాదాలు వెనక్కి జారబోతాయి. కమాను పనితీరు ఇదే. అందులోని ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఏదీ సాగదు. కానీ కమాను కాళ్లు బయటకు తోస్తాయి. ఆ తోపును ఎవరో ఒకరు ఆపాలి.

ఇది తెలిసిన పిల్లలు ఖుష్ మహల్ గోడలను చూస్తే వాటి మందం వాళ్లతో మాట్లాడుతుంది. గోడలు చాలా మందం, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. 'గోడ ఎందుకు ఇంత మందం?' అని అడగగానే పాదాలు జారబోయిన ఆ ఇద్దరూ ముందుగా జవాబు చెబుతారు. 'ఈ హాలు నడుమ స్తంభాలు ఎందుకు లేవు?' అన్నదానికీ జవాబు అదే గీతలో ఉంది. పాలకులు, వాళ్ల కట్టడాల గురించిన పాఠంలో దూలం పద్ధతి, కమాను పద్ధతి అని రెండు బొమ్మలుంటాయి. అవి ఇక మీద వట్టి బొమ్మలు కావు.

ఇదే చోట కాలం గురించిన ప్రశ్న కూడా అడగవచ్చు. ఈ భవనాన్ని పదహారో శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. వాగనర్, జాన్ హెన్రీ రైస్ దీన్ని తుగ్లక్ కాలపు దర్బారు మందిరంగా, అంటే దాదాపు రెండు వందల ఏళ్లు ముందుదిగా గుర్తించారు. వాళ్ల ఆధారాల్లో ఒకటి పిల్లలు గీసిన ఆ వాలు గోడే. మర్నాడు తరగతిలో ఢిల్లీలోని గియాసుద్దీన్ తుగ్లక్ సమాధి ఫోటో చూపించండి. వాలు గోడలు అక్కడా కనబడతాయి. 'నీ గీతలో, ఈ ఫోటోలో ఒకేలా ఉన్నవి రాయి, వేరుగా ఉన్నవీ రాయి. నువ్వు ఏ కాలమంటావు? ఎంత నమ్మకంగా అంటావు?' బోర్డు మీది మాట కూడా ఒకరు ఆధారాలు చూసి తేల్చినదేనని, కొత్త ఆధారం వస్తే అదీ మారవచ్చని పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది.

పాఠానికి కలపడం గురించి ఇంకొక్క ఉదాహరణ చెబుతాను. చాలా వర్క్‌షీట్లలో ఈ భాగం 'కాకతీయుల గురించి పది వాక్యాలు రాయండి' అని ముగుస్తుంది. అది కలపడం కాదు. కలపడమంటే పుస్తకంలో ఒక వాక్యాన్ని తీసుకుని, చూసినదానితో తూకం వేయడం. కాకతీయుల నాయంకర విధానం గురించి చెప్పేటప్పుడు ప్రతాపరుద్ర చరిత్రము చెప్పిన సంగతి వస్తుంది. ప్రతాపరుద్రుడు కోటలోని 77 బురుజులను 77 మంది నాయకులకు అప్పగించాడని అందులో ఉంది. రాతికోటకు ఇప్పుడున్న బురుజులు 45. పిల్లలు కోట చుట్టూ తిరిగి లెక్కపెట్టలేరు, కానీ తరగతిలో ఉపగ్రహ పటం తెరిచి లెక్కపెట్టగలరు. కోటలో ఒకటి రెండు బురుజులను దగ్గరగా చూసి వచ్చి ఉంటారు కాబట్టి పటంలో వాటిని పోల్చుకుంటారు.

అప్పుడు అడగాలి: '77 ఎక్కడ, 45 ఎక్కడ? ఈ తేడాకు ఎన్ని కారణాలు ఉండవచ్చు?' ఆ గ్రంథం కాకతీయుల తర్వాత చాలాకాలానికి రాసింది, కాబట్టి సంఖ్య పెరిగి ఉండవచ్చు. మట్టికోట బురుజులను కూడా కలిపి చెప్పి ఉండవచ్చు. లేదా నాయకులు కోట కాపలాకు బాధ్యులన్న మాట చెప్పడమే ఆ రచయిత ఉద్దేశం, లెక్క చెప్పడం కాదు. ఏది సరైనదో ఏడో తరగతి పిల్లలు తేల్చనక్కర్లేదు. గ్రంథం ఒక ఆధారం, గోడ ఒక ఆధారం, రెండూ ఒకే మాట చెప్పనప్పుడు ఏం చేయాలన్నది వాళ్లకు తెలిస్తే చాలు. నాయంకర విధానం అన్న మాట వాళ్లకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కాకుండా, గోడ మీద నిలబడి కాపలా కాసిన మనుషులుగా గుర్తుంటుంది.

ఇక ఆచరణలో వచ్చే చిక్కులు. మొదటిది, ఉపాధ్యాయుడు ముందే ఒకసారి వెళ్లి రాకపోవడం. పుస్తకం చూసి 'ఫలానా శిల్పం దగ్గర నిలబడు' అని రాస్తే, ఆ రోజు అది కంచె అవతల ఉండవచ్చు, మరమ్మతు కోసం మూసి ఉండవచ్చు. ముందు వెళ్లి, తాను పెట్టబోయే ప్రతి ప్రశ్నకూ అక్కడే నిలబడి తానే జవాబు రాసి చూడాలి. తనకు ఐదు నిమిషాలు పట్టిన ప్రశ్నకు పిల్లలకు పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన మూడు చోట్లు, నడక కలిపి రెండు గంటలు. అంతకు మించి ప్రశ్నలు పెడితే మొదటి గడిని వదిలేసి రెండో గడికి పరుగెడతారు. ద్వారాల్లోంచి వాహనాలు తిరుగుతుంటాయి కాబట్టి అక్కడ గీతలు గీయించేటప్పుడు ఒక పెద్దమనిషి తప్పకుండా పక్కన ఉండాలి.

రెండోది, జవాబు ప్రశ్నలోనే ఉండటం. 'శత్రువులను ఆపడానికి దారిని ఎలా వంకరగా కట్టారు?' అని అడిగామనుకోండి. పిల్లవాడు తేల్చవలసినదంతా మనమే చెప్పేశాం. మూడోది, ఆధారం అడగకుండా 'నీకేమనిపిస్తోంది?' అని మాత్రమే అడగడం. అప్పుడు వచ్చేవి అభిప్రాయాలు, 'చాలా బాగుంది' లాంటివి. వీటిని కాగితాలు చూడగానే పట్టుకోవచ్చు. తరగతిలో అందరి రెండో గడిలోనూ ఒకే వాక్యం ఉంటే అది గైడు మాట, లేదా మన ప్రశ్నలో దాక్కున్న మాట. మొదటి గడి రెండు ముక్కల్లో ఉండి రెండో గడి పేజీ దాటితే పిల్లలు చూడకుండా రాశారు. గైడును వద్దనక్కర్లేదు. పిల్లలు రెండు గడులూ నింపాక ఆయన చెప్పాలి. అంతే తేడా.

మార్కులు వేసేటప్పుడు కూడా ఈ వరుసే పాటించాలి. జవాబు సరైనదా అన్నది ముందు చూడకండి. రెండో గడిలోని ప్రతి మాటకూ మొదటి గడిలో ఆధారం దొరుకుతుందా అని చూడండి. ఆధారం చూపించి తప్పు తేల్చిన పిల్లవాడికి, ఆధారం లేకుండా సరైన పేరు రాసిన పిల్లవాడి కంటే ఎక్కువ మార్కులు రావాలి. అలా ఒకసారి వేసి చూపిస్తే, మరుసటి పర్యటనలో పిల్లలు బోర్డు దగ్గరకు పరుగెత్తరు.

ఈ పద్ధతి ఓరుగల్లుకే కాదు. లేపాక్షిలో పూర్తికాని కల్యాణ మండపం ఉంది. 'ఇది కూలిపోయిందా, కట్టడమే ఆగిపోయిందా? ఏ రాయిని చూసి చెప్పగలవు?' అన్న ఒక్క ప్రశ్నతో అక్కడ గంట గడపవచ్చు. మీ మండలంలో ఉన్న పాత చెరువు తూము దగ్గర, శాసనం ఉన్న రాయి దగ్గర కూడా ఇలాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా దొరుకుతుంది. మీరు ముందుగా వెళ్లి అక్కడ కాసేపు నిలబడాలి, అంతే.

వర్క్‌షీట్‌లో ఆఖరి ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే ఉంచండి: 'ఇక్కడ నీకు అర్థం కానిది ఒకటి రాయి. దాన్ని తెలుసుకోవాలంటే ఇంకా ఏం చూడాలి, ఎవరిని అడగాలి?' ఆ ప్రశ్నలన్నీ ఒక చార్టు మీద రాసి తరగతి గోడకు అంటించండి. వాటిలో రెండు మూడింటికి ఆ సంవత్సరం పాఠాల్లోనే జవాబు దొరుకుతుంది. దొరికిన రోజున ఆ ప్రశ్న అడిగిన పిల్లనో పిల్లవాడినో లేపి, జవాబు వాళ్ల చేతే చదివించండి.